యాంటీబయాటిక్ ఎన్ని రోజులు? అయిదు ఎక్కడ చాలు, ఎక్కడ చాలవు

డాక్టరు చీటీలో యాంటీబయాటిక్ పేరు పక్కన కనబడే అంకెలు కొన్నే: 5, 7, 10, 14. ఆరు రోజులనో పదకొండు రోజులనో రాసిన చీటీ దాదాపు ఎవరికీ తగిలి ఉండదు. ఒంట్లో బ్యాక్టీరియా చావడానికీ గోడ మీది క్యాలెండరుకీ సంబంధం లేదు కదా, మరి ఈ అంకెలు ఎక్కడివి? చాలా జబ్బుల్లో ఇవి ప్రయోగాలు చేసి తేల్చినవి కావు, అలవాటుగా వచ్చినవి. ఏడు రోజుల వారాన్ని క్రీ.శ. 321లో అధికారికం చేసిన రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ లెక్కనే మనం ఇప్పటికీ మందుల చీటీలో రాస్తున్నామని అమెరికా వైద్యుడు బ్రాడ్ స్పెల్‌బర్గ్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు. గత పాతికేళ్లలో పరిశోధకులు ఈ అంకెలను ఒక్కొక్క జబ్బులో పరీక్షకు పెట్టారు. ఎక్కువ జబ్బుల్లో పాత కోర్సులో సగం రోజులే చాలాయి. కొన్నిటిలో చాలలేదు. రెండు రకాల ఫలితాల వెనకా కారణాలున్నాయి. అవి తెలిస్తే ఏ జబ్బుకు ఎన్ని రోజులో సగం అర్థమైనట్టే.

పొడవాటి కోర్సు మొదట రెండు భయాల నుంచి పుట్టింది. మొదటిది జబ్బు తిరగబెడుతుందనే భయం. 1941 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఇచ్చారు. ముఖమంతా చీము పట్టి చావుకు దగ్గరగా ఉన్న మనిషి రెండు మూడు రోజుల్లో తేరుకున్నాడు. అయిదు రోజులకు లోకంలో ఉన్న కాస్త పెన్సిలిన్ అయిపోయింది. అతని మూత్రం నుంచి తిరిగి తీసి ఎక్కించినా సరిపోలేదు. జబ్బు తిరగబెట్టి మార్చి 15న చనిపోయాడు. రెండోది, మందు తక్కువైతే క్రిములు మొండికెత్తుతాయనే భయం. 1945లో నోబెల్ ప్రసంగంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక ఊహా కథ చెప్పారు. గొంతు నొప్పికి ఒకాయన చాలీచాలని పెన్సిలిన్ వాడి, మందుకు అలవాటు పడిన స్ట్రెప్టోకాకస్‌ను భార్యకు అంటిస్తాడు. ఆమె న్యుమోనియాతో చనిపోతుంది. ఫ్లెమింగ్ హెచ్చరిక ప్రధానంగా డోసు గురించి. తర్వాతి తరాలు దాన్ని రోజుల గురించిన హెచ్చరికగా మార్చుకున్నాయి. ఆయన కథలోని గొంతు స్ట్రెప్టోకాకస్ మాత్రం ఎనభై ఏళ్లు గడిచినా పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది.

కోర్సు మధ్యలో ఆపితే మొండి బ్యాక్టీరియా పుడుతుందన్న మాటను మనం బడిలో, ఆసుపత్రి గోడల మీద, మందుల షాపులో విన్నాం. క్షయ విషయంలో అది నిజం. క్షయ క్రిమి తన సంతతిలోనే అప్పుడప్పుడూ మందుకు లొంగని పిల్లను కంటుంది. వైద్యం చాలకపోతే ఆ పిల్లే మిగిలి పెరుగుతుంది. మామూలు ఇన్ఫెక్షన్లలో మొండితనం ఎక్కువగా పుట్టేది జబ్బు చేసిన క్రిమిలో కాదు, జబ్బుతో సంబంధం లేని క్రిముల్లో. న్యుమోనియాకు మింగిన మాత్ర ఊపిరితిత్తికి మాత్రమే పోదు. పేగుల్లో ఏ హానీ చేయకుండా బతుకుతున్న ఇ. కోలై, క్లెబ్సియెల్లా మీదా, గొంతులోనూ చర్మం మీదా ఉండే బ్యాక్టీరియా మీదా అది పనిచేస్తుంది. మందు ఉన్నన్ని రోజులూ వాటిలో లొంగేవి చస్తాయి, లొంగనివి ఆ చోటును ఆక్రమిస్తాయి. లొంగని గుణాన్ని మోసే జన్యువులను పక్క క్రిములకు కూడా ఇస్తాయి. ఆరు నెలల తర్వాత అదే మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు పనిచేయని మందుల జాబితా పొడవుగా ఉండటానికి ఇదొక కారణం. ఈ లెక్కన జబ్బు క్రిమి చచ్చాక వాడే ప్రతి అదనపు రోజూ మొండితనాన్ని తగ్గించదు, పెంచుతుంది.

దీన్ని నేరుగా కొలిచిన ప్రయోగం ఒకటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో శ్వాసకోశ జబ్బులతో వచ్చిన చిన్నపిల్లలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు అమాక్సిసిలిన్ పెద్ద డోసులో అయిదు రోజులు, రెండో గుంపుకు మామూలు డోసులో పది రోజులు ఇచ్చారు. 28వ రోజున పిల్లల ముక్కు వెనక నుంచి నమూనాలు తీసి చూస్తే, పెన్సిలిన్‌కు సరిగా లొంగని న్యుమోకాకస్ మొదటి గుంపులో 24 శాతం మందిలో, రెండో గుంపులో 32 శాతం మందిలో ఉంది. 2001లో వచ్చిన ఈ ఫలితం ‘డోసు గట్టిగా, రోజులు తక్కువగా’ అన్న ఆలోచనకు బలమిచ్చింది. ఫ్లెమింగ్ మాటకు కూడా ఇదే దగ్గరగా ఉంది.

మొండితనం సంగతి అలా ఉంచి, అసలు జబ్బు నయమవుతుందా అన్నదే రోగికి కావలసిన జవాబు. దీనికి న్యుమోనియా మంచి ఉదాహరణ. దాని మీద పరిశోధన బాగా జరిగింది, ఫలితాలు కూడా ఒకే వైపు చూపుతున్నాయి. 1940ల మధ్యలో మందు కొరతగా ఉన్న రోజుల్లో రెండు నుంచి నాలుగు రోజుల పెన్సిలిన్‌తో న్యుమోనియా నయం చేసిన వైద్యుల రాతలున్నాయి. మందు చవకయ్యాక కోర్సు పదికి, పద్నాలుగుకి పాకింది. 2006లో నెదర్లాండ్స్ వైద్యులు మళ్లీ మొదటికి వెళ్లారు. న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్లకు మూడు రోజులు అమాక్సిసిలిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, బాగా తేరుకున్న 119 మందిలో కొందరికి మరో అయిదు రోజులు మందు మాత్రలు, కొందరికి అలాగే కనిపించే మందులేని మాత్రలు ఇచ్చారు. పదో రోజుకు రెండు గుంపుల్లోనూ 93 శాతం మంది నయమయ్యారు. 2021లో ఫ్రాన్స్‌లో దాదాపు ఇదే పద్ధతిలో 310 మందిని చూస్తే, పదిహేనో రోజుకు మూడు రోజుల గుంపులో 77 శాతం, ఎనిమిది రోజుల గుంపులో 68 శాతం మంది నయమయ్యారు. ఈ తేడాను బట్టి తక్కువ రోజులే మెరుగని అనలేం కానీ, తీసిపోలేదని మాత్రం గట్టిగా చెప్పవచ్చు.

ఎందుకిలా జరుగుతుంది? వేగంగా పెరుగుతున్న బ్యాక్టీరియా మీదే పెన్సిలిన్ జాతి మందులు బాగా పనిచేస్తాయి. విభజన చెందుతూ కొత్త గోడ కట్టుకుంటున్న క్రిమి గోడనే అవి పడగొడతాయి. న్యుమోకాకస్ రెట్టింపు మీద రెట్టింపుగా పెరిగే జాతి, ఊపిరితిత్తికి రక్తం బాగా అందుతుంది, కాబట్టి సరైన మందు పడితే మొదటి ఒకటి రెండు రోజుల్లోనే దానిలో అధిక భాగం చస్తుంది. మిగిలినదాన్ని తెల్ల రక్తకణాలు తుడిచేస్తాయి. ఆ తర్వాత ఉండే దగ్గు, నీరసం, ఎక్స్‌రేలోని మచ్చ జబ్బు మిగిలి ఉందనడానికి గుర్తులు కావు. దెబ్బ తగ్గాక కూడా చర్మం కొన్నాళ్లు కమిలి ఉన్నట్టే, ఊపిరితిత్తి తన గాయాన్ని బాగుచేసుకుంటున్న ఆనవాళ్లు అవి.

రోగి మంచం దగ్గర ఈ లెక్క ఎలా వాడతారో చూద్దాం. యాభై ఎనిమిదేళ్ల రైతు చలిజ్వరంతో, పచ్చ కఫంతో ఆసుపత్రికి వచ్చాడనుకుందాం. జ్వరం 103, నిమిషానికి ఊపిరి 28 సార్లు, నాడి 116, రక్తంలో ఆక్సిజన్ 91 శాతం. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగం తెల్లగా ఉంది. చేర్చుకుని సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్, తోడుగా అజిత్రోమైసిన్ మొదలుపెట్టారు. రెండో రోజు సాయంత్రం జ్వరం 101. మూడో రోజు ఉదయానికి 99కి దిగింది, ఇడ్లీ తిన్నాడు. ఇంజెక్షన్ ఆపి మాత్రలకు మార్చడానికి ఇది సమయం. అయిదో రోజు ఉదయం అడగాల్సిన ప్రశ్నలు రెండు. 48 గంటలుగా జ్వరం 100 దాటలేదా? నాడి 100 కంటే ఎక్కువ, ఊపిరి 24 కంటే ఎక్కువ, పై బీపీ 90 కంటే తక్కువ, ఆక్సిజన్ 90 కంటే తక్కువ, వీటిలో ఒకటికి మించి లేకుండా ఉన్నాడా? రెండింటికీ అవునంటే ఆ రోజుతో మందు ఆపేయవచ్చు. దగ్గు ఇంకా ఉంటుంది, ఎక్స్‌రే మళ్లీ తీస్తే మచ్చ కూడా ఉంటుంది. ఆ మచ్చ పోవడానికి నెల, నెలన్నర పట్టవచ్చు కాబట్టి దాన్ని చూసి మందు పొడిగించకూడదు. అయిదో రోజున జ్వరం ఇంకా ఉందంటే మాత్రం మరో అయిదు రోజులు అదే మందు రాయడం జవాబు కాదు. ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరలో చీము చేరిందా, అసలది క్షయా, మందు తగినది కాదా అని వెతకాలి.

ఇది కాగితం మీది ఊహ కాదు. స్పెయిన్‌లో 312 మంది న్యుమోనియా రోగుల మీద ఈ నియమాన్నే పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. నియమం పాటించిన గుంపులో 70 శాతం మందికి అయిదు రోజులే సరిపోయాయి. డాక్టరు ఇష్టానికి వదిలిన గుంపు మధ్యస్థంగా పది రోజులు వాడింది. ముప్ఫై రోజులకు నయమైనవారు మొదటి గుంపులో 92 శాతం, రెండో గుంపులో 89 శాతం. మళ్లీ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినవాళ్లు పొడవాటి కోర్సు గుంపులోనే ఎక్కువ. మన భారత వైద్య పరిశోధన మండలి కూడా 2022 మార్గదర్శకాల్లో బయట నుంచి వచ్చిన న్యుమోనియాకు అయిదు రోజులు, ఆసుపత్రిలో అంటుకున్నదానికి ఎనిమిది రోజులు అని రాసింది.

పిల్లల న్యుమోనియాకు మన దేశంలోనే పెద్ద ప్రయోగం జరిగింది. ఏడు ఆసుపత్రుల ఓపీల్లో రెండు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లలు 2,188 మందికి, వేగంగా ఊపిరి తీస్తున్నా ప్రమాద లక్షణాలు లేనివాళ్లకు, అమాక్సిసిలిన్ మూడు రోజులు లేదా అయిదు రోజులు ఇచ్చారు. నయమైనవారు 89.5 శాతం, 89.9 శాతం. 2004లో వచ్చిన ఈ ఫలితంతో పాటు పాకిస్తాన్‌లో జరిగిన ఇలాంటి పని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు రోజుల సిఫారసుకు ఆధారాల్లో చేరింది.

అయితే ఇలాంటి ప్రయోగాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. వేగంగా ఊపిరి తీసే పిల్లల్లో చాలామందికి జబ్బు వైరస్ వల్ల వస్తుంది. వాళ్లకు మూడు రోజులిచ్చినా, అయిదిచ్చినా, అసలు ఇవ్వకపోయినా తగ్గుతుంది. అలాంటివాళ్లు ఎంత ఎక్కువగా కలిస్తే రెండు కోర్సులూ అంత సమానంగా కనబడతాయి. ఓపీలో అలా గుర్తించిన పిల్లలకు మూడు రోజులు చాలన్న మాట దీనివల్ల చెడదు, డాక్టరు ముందుకొచ్చేదీ ఆ గుంపే కదా. కానీ రక్తంలో న్యుమోకాకస్ తేలిన బిడ్డకూ మూడు రోజులే చాలని ఆ ప్రయోగం చెప్పలేదు.

ఈ అనుమానానికి తావులేని చోట, అంటే రక్తంలో బ్యాక్టీరియా ఉందని పరీక్షలో తేలిన రోగుల్లో, 2024లో ‘బ్యాలెన్స్’ ప్రయోగం ఫలితాలు వచ్చాయి. ఏడు దేశాల్లో 74 ఆసుపత్రులు, 3,608 మంది రోగులు, అందులో సగానికి పైగా ఐసీయూలో ఉన్నవాళ్లు. ఏడు రోజుల గుంపులో తొంభై రోజుల లోపు 14.5 శాతం, పద్నాలుగు రోజుల గుంపులో 16.1 శాతం మంది చనిపోయారు. ఇంత తీవ్రమైన జబ్బులో కూడా రెండో వారం మందు ప్రాణాలు అదనంగా కాపాడలేదు. కానీ ఈ ప్రయోగంలోకి ఎవరిని తీసుకోలేదో చూడండి: స్టెఫిలోకాకస్ ఆరియస్ ఉన్నవాళ్లు, గుండె కవాటాలకు ఇన్ఫెక్షన్ సోకినవాళ్లు, చీము తీయకుండా మిగిలినవాళ్లు, రోగనిరోధక శక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు. వీళ్లకు ఏడు రోజుల మాట వర్తించదు. స్టెఫిలోకాకస్ రక్తంలోకి వస్తే వెన్నుపూసలోనో కవాటం మీదో గూడు కడుతుంది. దానికి కనీసం పద్నాలుగు రోజులు, చాలాసార్లు నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి.

కడుపులో పగిలిన అపెండిక్స్ లాంటి జబ్బుల్లో అసలు మందు సర్జన్ చేతిలోని కత్తి. అమెరికా, కెనడాల్లో జరిగి 2015లో వచ్చిన ప్రయోగంలో, చీము తీసి, చిల్లు మూశాక నాలుగు రోజుల మందు వాడినవాళ్లకూ, మధ్యస్థంగా ఎనిమిది రోజులు వాడినవాళ్లకూ ఫలితాల్లో తేడా రాలేదు. చీము అలాగే ఉంటే పద్నాలుగు రోజులు వాడినా ఉపయోగం ఉండదు, ఎందుకంటే ఆ గూడులోకి రక్తం పోదు, రక్తం పోని చోటికి మందూ పోదు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది మూత్రనాళ ఇన్ఫెక్షన్. ఒకే క్రిమి, ఎక్కువగా ఇ. కోలై, ఒకే దారిలో పైకి పాకుతుంది. అది ఆగిన చోటును బట్టి రోజులు మారతాయి. ఆడవాళ్లలో మూత్రాశయం దాకానే ఉంటే నైట్రోఫ్యురాంటాయిన్ అయిదు రోజులు, ఫాస్ఫోమైసిన్ అయితే ఒక్క మోతాదు చాలు. మందు మూత్రంలోకే వచ్చి చేరుతుంది, క్రిమి దాక్కునే చోటు తక్కువ. కిడ్నీ దాకా వెళ్లి చలిజ్వరం వచ్చినవాళ్లకు స్వీడన్‌లో సిప్రోఫ్లాక్సాసిన్‌ను ఏడు, పద్నాలుగు రోజులు ఇచ్చి పోలిస్తే, 97 శాతం, 96 శాతం మంది నయమయ్యారు. ఈ ఫలితాన్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు మరిచిపోకూడనిది ఒకటి: మన దగ్గర ఇ. కోలైలో చాలా భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగదు. పనిచేయని మందు ఏడు రోజులైనా పద్నాలుగైనా ఒకటే. మూత్రం కల్చర్ పరీక్షకు ఇచ్చి, ఫలితం చూశాకే ఏడు రోజుల మాట ఎత్తాలి.

మగవాళ్ల దగ్గరకు వచ్చేసరికి రెండు ప్రయోగాలు ఎదురెదురుగా నిలబడతాయి. అమెరికాలో మాజీ సైనికుల మీద చేసినదానిలో, జ్వరం లేకుండా మంట, మాటిమాటికీ మూత్రం లాంటి బాధలున్న 272 మందికి ఏడు రోజులు, పద్నాలుగు రోజులు సమానంగా పనిచేశాయి. మొదటి గుంపులో 93 శాతం, రెండో గుంపులో 90 శాతం మందికి బాధ తీరింది. ఫ్రాన్స్‌లో జ్వరంతో వచ్చిన మగవాళ్లకు ఒఫ్లాక్సాసిన్‌తో ఇదే పోలిక చేస్తే, ఏడు రోజుల గుంపులో విజయం దాదాపు 56 శాతం, పద్నాలుగు రోజుల గుంపులో దాదాపు 78 శాతం. రోజులు అవే, మందు జాతి కూడా చాలామందికి అదే, ఫలితాలు మాత్రం తారుమారు. జ్వరం వచ్చిందంటే చాలామంది మగవాళ్లలో క్రిమి ప్రోస్టేట్ గ్రంథిలోకి చేరిందని అర్థం. అక్కడి సన్నని గొట్టాల్లోకి మందు సరిగా చొరబడదు, వాపు తగ్గేకొద్దీ ఆ చొరబాటు ఇంకా తగ్గుతుంది. బాధ తీరినంత మాత్రాన గూడు ఖాళీ అయినట్టు కాదు.

దాక్కునే చోటు ఉన్న ప్రతిసారీ పొట్టి కోర్సు ఇలాగే ఓడిపోతుంది. కృత్రిమ మోకాలికో తుంటికో ఇన్ఫెక్షన్ వస్తే లోహం మీద క్రిములు జిగురు పొర కట్టుకుంటాయి. ఆరు వారాలు, పన్నెండు వారాలు పోల్చిన ఫ్రాన్స్ ప్రయోగంలో జబ్బు మిగిలిపోయినవాళ్లు 18 శాతం, 9 శాతం. రెండేళ్ల లోపు పిల్లల చెవిపోటుకు అయిదు రోజులు ఇస్తే 34 శాతం మందిలో, పది రోజులిస్తే 16 శాతం మందిలో వైద్యం విఫలమైంది. టైఫాయిడ్ క్రిమి కణాల లోపల, ఎముక మజ్జలో ఉంటుంది. సరైన మందు పడినా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, కొందరిలో తిరగబెడుతుంది. కాబట్టి జ్వరం తగ్గిందని మందు ఆపడం అక్కడ తప్పు. గొంతులో స్ట్రెప్టోకాకస్ అని తేలితే మన దేశంలో పెన్సిలిన్ పది రోజులూ వాడాల్సిందే, లేదా ఒక్క బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాల్సిందే. గొంతు నొప్పి మూడు రోజుల్లో తగ్గినా ఆ వైద్యం గొంతు కోసం కాదు, తర్వాత గుండె కవాటాలను పాడుచేసే రుమాటిక్ జ్వరం రాకుండా. ఆ జ్వరం దాదాపు కనబడని దేశాల్లో అయిదు రోజులు చాలన్న మాటను ఇక్కడికి దింపుకోకూడదు.

క్షయలో కూడా కోర్సును కుదించే ప్రయత్నం జరిగింది. 2014లో మూడు ప్రయోగాలు ఆరు నెలల వైద్యాన్ని నాలుగు నెలలకు తగ్గించి చూశాయి. కఫంలో క్రిములు త్వరగా మాయమైనా, ఆపిన తర్వాత జబ్బు తిరగబెట్టినవాళ్లు ఎక్కువయ్యారు. నిద్రాణంగా ఉన్న క్రిములు మందుకు దొరకవు, అవి లేచేదాకా మందు కాచుకుని ఉండాలి. 2021లో రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కలిసిన వేరే మందుల కూర్పుతో నాలుగు నెలలు సఫలమయ్యాయి. అంటే అక్కడ కుదింపు కొత్త కూర్పు వల్ల వచ్చింది, పాత మందులను ముందుగా ఆపడం వల్ల కాదు. క్షయ రోగి తన మందులను ఒంట్లో బాగున్నదని ఆపకూడదు.

నాకు ఆందోళన కలిగించేది ఇక్కడే. తక్కువ రోజులు చాలన్న వార్త, నచ్చినప్పుడు ఆపవచ్చన్న అనుమతిగా జనంలోకి వెళితే హాని జరుగుతుంది. ప్రయోగాల్లోని అయిదు రోజులంటే జబ్బేమిటో తేల్చి, క్రిమికి తగిన మందును నిండు డోసులో, పూటలు తప్పకుండా వేసి, రోగిని పరీక్షించి ఆపిన అయిదు రోజులు. మన ఊళ్లలో డబ్బుల్లేక రెండు రోజుల మాత్రలే కత్తిరించి తీసుకోవడం, రోజుకు మూడు వేయాల్సినవి ఒకటి వేసుకోవడం, మిగిలిన మాత్రలు దాచి పక్కింటి పిల్లాడి జలుబుకు ఇవ్వడం జరుగుతాయి. వీటిని పొట్టి కోర్సు అనకూడదు. జలుబుకు, మామూలు గొంతు నొప్పికి సరైన యాంటీబయాటిక్ రోజుల సంఖ్య సున్నా. పొడిగించడానికీ ధర ఉంది. అమెరికాలోని మిషిగన్‌లో 43 ఆసుపత్రుల న్యుమోనియా రోగులను పరిశీలిస్తే మూడింట రెండు వంతుల మంది అవసరానికి మించి మందు వాడారు. అదనపు రోజు ఒక్కొక్కటికీ విరేచనాల వంటి దుష్ఫలితాల అవకాశం అయిదు శాతం చొప్పున పెరిగింది.

కాబట్టి చీటీ చేతికి వచ్చినప్పుడు డాక్టరును అడగాల్సింది: ఇది ఏ ఇన్ఫెక్షన్, ఎన్ని రోజులు, ఏ రోజు మళ్లీ చూపించుకోవాలి? వైద్యులు కూడా చీటీలో రోజుల సంఖ్యతో పాటు తిరిగి చూసే తేదీ రాయాలి. న్యుమోనియాకు మూడో రోజునా అయిదో రోజునా, జ్వరంతో కూడిన మూత్రనాళ ఇన్ఫెక్షన్‌కు కల్చర్ ఫలితం వచ్చిన రోజునా. మందు ఆపాక జ్వరం మళ్లీ 100 దాటినా, ఆయాసం పెరిగినా, ఛాతీలో ఒక పక్క నొప్పి మొదలైనా, మూత్రంలో మంట తిరిగి వచ్చినా ఇంట్లో మిగిలిన మాత్రలు వేసుకోకుండా అదే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అప్పుడు చేయాల్సింది పాత మందు పొడిగించడం కాదు, కల్చర్, స్కాన్ వంటి పరీక్షలతో క్రిమి ఎక్కడ దాక్కుందో వెతకడం.